ఆన్, అండర్, బిసైడ్, బిహైండ్: రెండో తరగతికి ఒక ఆట, ఒక బొమ్మల షీటు

ఇది ఒడిశాలోని పర్లాకిమిడిలో నా సాయంత్రం ట్యూషన్ పిల్లలకు చెప్పే పాఠం. ఇరవై ఇద్దరు పిల్లలు, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు మూడోది. గంటలో అయిపోతుంది. కావలసినవి ఒక బల్ల, ఒక కుర్చీ, పిల్లల బడి సంచులు, పలకలు, అంతే.

మొదలుపెట్టే ముందు మన పిల్లలు ఎక్కడ తడబడతారో చెప్పాలి. అర్థం వాళ్లకు ఇట్టే తెలుస్తుంది, మీద, కింద, పక్కన, వెనక అన్నవి మూడేళ్ల పిల్లకీ వచ్చు. చిక్కంతా మాట నిలబడే చోటులో ఉంది. మనం 'బల్ల కింద' అంటాం, ఒడియాలో 'టేబుల్ తళే' అంటారు, రెండింట్లోనూ ఆ మాట వస్తువు తర్వాతే వస్తుంది, ఇంగ్లీషులో మాత్రం వస్తువు కంటే ముందు. అందుకే మా పిల్లలు 'టేబుల్ అండర్' అని రాస్తారు. అది తెలివితక్కువ కాదు, రెండు భాషలు నేర్పిన అలవాటు. దయచేసి దానికి తిట్టకండి.

ఆట, మొదటి భాగం: వినడం, చెయ్యడం

పిల్లలు ఎవరి సంచి పక్కన వాళ్లు నిలబడతారు. మీరు అంటారు, మీరే చేసి చూపిస్తారు, వాళ్లు నోరు మెదపకుండా చేస్తారు. జేమ్స్ ఆషర్ అనే అమెరికా సైకాలజిస్టు 1960లలో తెచ్చిన పద్ధతి ఇదే, ముందు చెవి, ఒళ్లు, తర్వాత నోరు. చంటిపిల్ల కూడా 'ఇలా రా' అంటే వస్తుంది, 'వస్తాను' అనడం చాలా తర్వాత కదా.

హ్యాండ్ ఆన్ యువర్ హెడ్.
హ్యాండ్ అండర్ యువర్ చిన్.
హ్యాండ్స్ బిహైండ్ యువర్ బ్యాక్.
స్టాండ్ బిసైడ్ యువర్ బ్యాగ్.
స్టాండ్ బిహైండ్ యువర్ బ్యాగ్.
పుట్ యువర్ స్లేట్ ఆన్ ది బ్యాగ్. నౌ అండర్ ది బ్యాగ్.

రెండు చుట్లయ్యాక మీ చేతులు కట్టేసుకోండి, నోటితోనే చెప్పండి. మూడో చుట్టులో నోటితో 'అండర్' అని చెయ్యి తల మీద పెట్టుకోండి, ఎవరు మిమ్మల్ని చూస్తున్నారో, ఎవరు మాట వింటున్నారో అక్కడే బయటపడుతుంది. నాలుగో చుట్టు పిల్లలదే, ఒకరు ముందుకొచ్చి చెప్తారు, మనం కూడా వాళ్లతో కలిసి చెయ్యాలి. తప్పు చేసినవాళ్లను అవుట్ చెయ్యొద్దు, నేను ఎప్పుడూ చెయ్యను, ఎందుకంటే అలా చేస్తే ఎవరికి ఈ ఆట ఎక్కువ అవసరమో వాళ్లే గోడకు చేరగిలబడి చూస్తూ కూర్చుంటారు.

ఒక్క చోట జాగ్రత్త. 'కింద కూర్చో' అని మనం అనేది నేల మీద కూర్చోమని. ఒడియాలో 'తళే బసొ' అన్నా అంతే. దాంతో కొందరు పిల్లలు 'సిట్ అండర్ ది టేబుల్' అంటే బల్ల పక్కన నేల మీద చతికిలబడతారు. అప్పుడు బల్ల కిందికి ఒకరిని పంపి, తల పైన బల్ల ఉందా లేదా అని అడగండి. పైన ఏదో ఉంటేనే అండర్. అలాగే 'మీద' అని మనం తల మీద ఫ్యాన్ తిరుగుతోందని కూడా అంటాం, దాన్ని పట్టుకుని 'ఫ్యాన్ ఈజ్ ఆన్ మై హెడ్' అంటారు. ఆన్ అంటే తగులుతూ ఉండాలి, గోడకు అంటుకున్న బల్లి కూడా ఆన్ ది వాల్. చెయ్యి తల మీద ఆనించండి, ఆన్. జానెడు పైకెత్తండి, ఇప్పుడు ఆన్ కాదు. ఈ ఒక్కటీ పదిసార్లు చేయించండి.

బిహైండ్ దగ్గర కాసేపు ఆగాలి

కుర్చీకి వీపు ఉంది, ఎటు తిప్పినా దాని వెనకేదో తెలుస్తుంది. కుర్చీని తిప్పుతూ ఉండండి, పిల్ల కూడా తిరుగుతూ దాని వెనక్కి వెళ్లాలి, ఈ ఒక్క ఆటకే మా వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. మరి స్తంభానికి, చెట్టుకు వీపెక్కడుంది? వరండా స్తంభానికి అటొకరిని ఇటొకరిని నిలబెట్టి 'వేర్ ఈజ్ యువర్ ఫ్రెండ్?' అని అడగండి. ఇద్దరూ 'బిహైండ్ ది పిల్లర్' అంటారు, ఇద్దరిదీ రైటే. చూసేవాళ్లకు స్తంభం అడ్డుగా ఉంటే దాని అవతల ఉన్నది బిహైండ్. ఇది ఒంటితో తెలిశాకే బొమ్మ చూపించాలి, లేకపోతే కాగితం మీద చెట్టు వెనక మేక సగమే కనిపిస్తుంటే 'మేకకు తల లేదేంటి టీచర్' అంటారు.

ఆట, రెండో భాగం: మాట నడవాలి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ఒక పలక మీద 'బల్ల', ఇంకోదాని మీద 'కింద'. ఇద్దరు పిల్లలు అవి పట్టుకుని వరసగా నిలబడతారు, క్లాసంతా చదువుతుంది: బల్ల కింద. ఇప్పుడు పలకలు తిప్పితే వెనకవైపు 'ది టేబుల్', 'అండర్'. తిప్పి ఊరుకుంటే 'ది టేబుల్ అండర్' అయింది. అండర్ పట్టుకున్న పిల్ల నడుచుకుంటూ ముందుకు రావాలి, అప్పుడే అందరూ చదవాలి: అండర్ ది టేబుల్. మీద, పక్కన, వెనక అన్నిటికీ ఇంతే, ప్రతి పిల్లా ఒక్కసారైనా నడవాలి. నోటితో ఎన్నిసార్లు చెప్పినా నిలవనిది కాళ్లతో నడిస్తే నిలుస్తోంది, రాసేటప్పుడు మా పిల్లలు వేలు ముందుకు జరిపి చూసుకోవడం నా కళ్లతో చూశాను. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, పిల్లల నోట్లో ఉన్న మాటతోనే మొదలుపెట్టాలని నాకు గట్టి నమ్మకం.

బొమ్మల షీటు

పెద్ద బొమ్మ ఒకటే. పెరట్లో పనస చెట్టు, చెట్టు ముందు నులక మంచం. మంచం మీద పిల్లి. మంచం కింద కోడి. మంచం పక్కన బిందె. చెట్టు వెనక నుంచి మేక తోక, వెనక కాళ్లు కనిపిస్తున్నాయి. బిందె మీద కాకి.

ఎ. సరైన మాటకు సున్నా చుట్టు.
1. ది క్యాట్ ఈజ్ (ఆన్ / అండర్) ది కాట్.
2. ది హెన్ ఈజ్ (బిసైడ్ / అండర్) ది కాట్.
3. ది పాట్ ఈజ్ (బిసైడ్ / బిహైండ్) ది కాట్.
4. ది గోట్ ఈజ్ (ఆన్ / బిహైండ్) ది ట్రీ.

బి. ఎస్ లేదా నో రాయి.
5. ది క్రో ఈజ్ ఆన్ ది పాట్.
6. ది క్యాట్ ఈజ్ బిహైండ్ ది ట్రీ.

సి. మాటలు సరైన వరసలో పెట్టు.
7. ది కాట్ / ది హెన్ / అండర్ / ఈజ్

డి. బొమ్మలో నువ్వే గీయి.
8. డ్రా ఏ బాల్ బిసైడ్ ది పాట్.
9. డ్రా ఏ ఫ్రూట్ ఆన్ ది ట్రీ.
10. డ్రా యువర్‌సెల్ఫ్ బిహైండ్ ది కాట్.

జవాబులు: ఆన్, అండర్, బిసైడ్, బిహైండ్, ఎస్, నో, ది హెన్ ఈజ్ అండర్ ది కాట్. పదోదానికి మంచం అవతల సగం ఒళ్లే గీసినవాళ్లకు బిహైండ్ పూర్తిగా అర్థమైనట్టు. మొత్తం మనిషిని మంచం పైన తేలుతున్నట్టు గీస్తే కొట్టివేయకండి, ఆ పిల్లను మళ్లీ ఒకసారి స్తంభం దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటికి: రాత్రి అన్నం తినేముందు గరిటె ఒకటి దాచి, అమ్మనో నాన్ననో తాతనో 'వేర్ ఈజ్ ది స్పూన్?' అని అడగాలి. వాళ్లు తెలుగులో 'గిన్నె వెనకా?' అంటే పిల్ల ఇంగ్లీషులో 'నో, అండర్ ది ప్లేట్' అనాలి. మర్నాడు నేను మొదట అడిగేది గరిటె ఎక్కడ దాచావనే.