హెచ్‌పీఎల్‌సీ స్లాట్: గురువారం బదులు బుధవారం

నమస్తే మేడం. ఈ వారం గురువారం హెచ్‌పీఎల్‌సీ స్లాట్ నా పేరు మీద ఉంది. బుధవారం స్లాట్ ఫార్మసీ స్కాలర్ శ్రావణిది. మీరు ఒప్పుకుంటే మేమిద్దరం మార్చుకుంటాం. తనతో మాట్లాడాను, సరేనంది. మీ సంతకం లేకుండా రిజిస్టర్‌లో కొట్టివేతలు వద్దన్నారు కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతున్నాను.

ఇందుకూరుపేట రైతు బుధవారం రొయ్యలు పడతానన్నాడు. పక్క గుంటలో వైట్‌స్పాట్ కనబడేసరికి భయపడి ఈ రోజే పట్టేశాడు. ఐస్ బాక్సులో ఎనిమిది శాంపిళ్లు పట్టుకుని ఇప్పుడే నెల్లూరు బస్సు దిగాను. రేపంతా ఎక్స్‌ట్రాక్షన్.

ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు కదా అంటారని తెలుసు మేడం. మా డిపార్ట్‌మెంట్ డీప్ ఫ్రీజర్ కంప్రెసర్ పోయి పది రోజులైంది, మామూలు ఫ్రిజ్ తప్ప ఏమీ లేదు. ఈ రొయ్యల్లో నేను కొలవాల్సిన ఆక్సీటెట్రాసైక్లిన్ వెలుతురుకీ వేడికీ విరిగిపోతుంది. గోధుమరంగు వయల్స్‌కి ఫాయిల్ చుట్టి పెట్టినా, ఇంకో రోజు ఆగితే వచ్చే విలువను నేనే నమ్మలేను.

ఎనిమిది శాంపిళ్లు రెండేసి సార్లు, స్టాండర్డ్‌లు ఐదు, బ్లాంకులు రెండు, మొత్తం 23 ఇంజెక్షన్లు. ఒక్కోటి 12 నిమిషాలు. పదింటికి మొదలుపెడితే కాలమ్ స్థిరపడడానికి ముప్పావు గంట పోను, కడగడంతో సహా నాలుగున్నరకల్లా అయిపోతుంది. అటెండర్ అన్న ఐదింటికి తాళం వేసేలోపే బయటికొస్తాను.

పోయిన నెల ఆక్సాలిక్ యాసిడ్ మొబైల్ ఫేజ్ కాలమ్‌లో వదిలేసి వెళ్లింది నేనే. మర్నాడు ప్రెజర్ పెరిగి మీరు తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. ఈసారి ముందు నీళ్లు, తర్వాత మెథనాల్, చెరో అరగంట. శ్రావణిది ఫాస్ఫేట్ బఫర్ కాబట్టి గురువారం పొద్దున తను మళ్లీ నీళ్లతోనే మొదలుపెడుతుంది. అసిటోనైట్రైల్, 0.45 మైక్రాన్ ఫిల్టర్లు నావే తెచ్చుకుంటాను.

రేపు మధ్యాహ్నంలోగా ఒక్క మాట చెప్పండి మేడం.
– అనూష, ఆక్వా

మేడం: మార్చుకోండి. రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం పెట్టండి, నేను పొద్దున పెడతాను. రన్ మొదలయ్యాక ప్రెజర్ ఎంతుందో ఫొటో పంపు. కడిగాక ఇంకోటి. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ మీద సాగదీయకు, పంప్ ఆపి నాకు ఫోన్ చెయ్యి. ఆ రొయ్యల ఐస్ బాక్సు మాత్రం ఇన్‌స్ట్రుమెంట్ రూమ్‌లోకి తేవద్దు, పోయినసారి రెండు రోజులు నీచు వాసన.

అనూష: అలాగే మేడం. బాక్సు వరండాలోనే ఉంచుతాను. లోపలికి వయల్సే తెస్తాను.