ఇరవై అయిదు నిమిషాలు

ఎనిమిదింటికి వస్తామన్న పార్టీ ఎనిమిదీ పదికి వచ్చింది. మొత్తం ఇరవై మూడు మంది, అందులో అయిదుగురు చిన్నపిల్లలు, ఇద్దరు మెట్లెక్కలేక లిఫ్టు ఎక్కడని అడుగుతున్న ముసలివాళ్లు. ఆగస్టు 31, ఆదివారం. ఆర్టీసీలో కండక్టరుగా చేసిన పెద్దాయన ఆ రోజే రిటైరయ్యాడు. మెడలో దండ తీసేశాడు గానీ చొక్కా మీద బంతిపూల రేకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. బయట విజయవాడంతా వాన. ఏలూరు రోడ్డు మీద మోకాళ్ల దాకా కాకపోయినా చెప్పులు మునిగేంత నీళ్లున్నాయి.

శీను అప్పటిదాకా ఆ హోటల్లో నీళ్లు పోశాడు, ప్లేట్లు తీశాడు, టేబుళ్లు తుడిచాడు. ఆర్డరు తీసుకోవడం ఎప్పుడూ చేయలేదు. పెద్ద పార్టీలు చూసే సీనియర్‌కి జ్వరమని సాయంత్రం ఫోనొచ్చింది, ఇంకొకతను వానలో ఇరుక్కుపోయాడు. దాంతో కెప్టెన్ రాజుగారు కిచెన్‌కి ఆర్డర్లు రాసిచ్చే కేఓటీ పుస్తకం తెచ్చి శీను చేతిలో పెట్టి, "పై ఫ్లోరు పార్టీ నీదే రా. స్తంభం పక్క కుర్చీ ఒకటో నంబరు, అక్కణ్ణుంచి కుడివైపుగా లెక్కపెట్టుకుంటూ పో. ఎవరేం చెప్పారో నంబరు పక్కన రాసుకో. ముఖాలు గుర్తుంటాయిలే అనుకోకు, ఉండవు," అని కిందికి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాటే శీనుని నిలబెట్టింది. ఇరవై మూడు మంది ఒకేసారి మాట్లాడుతుంటే, ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లు మారుస్తుంటే, "వాడికి వద్దులే, నాతో తింటాడు" అన్న తల్లే మళ్లీ పిలిచి "సరేలే, వాడిక్కూడా ఒకటి రాసుకో" అంటుంటే, వాడు కంగారుపడకుండా నంబర్లు వేసుకుంటూ టేబుల్ చుట్టూ తిరిగొచ్చాడు. చికెన్ 65 నాలుగు, అపోలో ఫిష్ మూడు, గోబీ మంచూరియా మూడు. చికెన్ దమ్ బిర్యానీ జంబో అయిదు. వెజ్ తినేవాళ్లు నలుగురు, వాళ్లకి పనీర్ కర్రీ, బటర్ నాన్‌లు. ఏడో నంబరు, అంటే పెద్దాయన వాళ్లమ్మగారు, కారం పడదు. అది రాసి కింద గీత గీశాడు.

కేఓటీ పట్టుకుని కిచెన్ తలుపు తోయగానే వాడికి అర్థమైంది, ఇది అయ్యే పని కాదని.

వాన పడిన ఆదివారం రాత్రి ఎవరూ ఇంట్లో వండుకోరు. ఆన్‌లైన్ పార్సిళ్లు వచ్చి పడ్డాయి. వెనక తలుపు దగ్గర రెయిన్‌కోట్ల నుంచి నీళ్లు కారుతుండగా డెలివరీ కుర్రాళ్లు ఫోన్లు చూపిస్తూ అరుస్తున్నారు. వాళ్లదీ తప్పు కాదు, ఆలస్యమైతే కస్టమరు తిట్టేది వాళ్లనే. ఏడింటికి తెరిచిన మొదటి హండీ ఎనిమిది కాకముందే పార్సిళ్లకే అయిపోయింది. రెండోది అప్పుడే పొయ్యి మీదికెక్కింది. ఒక్క నూనె మూకుడు ఉంది, అందులోనే పార్సిళ్ల 65, అందులోనే పైవాళ్ల 65.

"మాస్టర్, పై ఫ్లోరు, ఇరవై మూడు మంది," అన్నాడు శీను.

మస్తాన్ మాస్టర్ తలెత్తలేదు. "తగిలించి పో."

ఎనిమిదిన్నరకి రెండు ప్లేట్ల 65 వచ్చింది. ఇరవై మూడు మందికి రెండు ప్లేట్లు. పిల్లలు అయిదుగురూ ఒక ప్లేటు లాక్కున్నారు, రెండోది టేబుల్ సగం దాకా కూడా రాలేదు. అటు చివర కూర్చున్నవాళ్లు ఉల్లిపాయ ముక్కలు నిమ్మకాయ పిండుకుని తింటూ వీడివైపు చూడటం మొదలుపెట్టారు. ఆ చూపు సర్వింగ్ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఇంకా తిట్టలేదు గానీ, తిట్టడానికి తయారవుతున్న చూపు.

కిందికెళ్లి రాజుగారిని అడిగితే, "రెండు నిమిషాలని చెప్పు," అన్నాడు, బిల్లు కౌంటర్లోంచి కదలకుండా. శీను వెళ్లి చెప్పాడు. పది నిమిషాలయ్యాక మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పాడు. మూడోసారి పెద్దాయన కొడుకు నవ్వు మానేసి, "తమ్ముడూ, మీ హోటల్లో నిమిషం ఎంతసేపుంటుంది?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. శీను చెవులు వేడెక్కాయి.

సరిగ్గా అప్పుడే వాడి కన్ను ఏడో నంబరు కుర్చీ మీద పడింది. పెద్దావిడ మంచినీళ్ల గ్లాసు ఎత్తబోయి మళ్లీ కింద పెట్టేసింది. చెయ్యి వణుకుతోంది. ఏసీ కింద కూర్చుని కూడా పై పెదవి మీద చెమట. చుట్టూ ఇంతమంది ఉన్నారు, అందరూ కిచెన్ వైపే చూస్తున్నారు తప్ప ఆవిణ్ణి ఎవరూ గమనించలేదు. నూజివీడులో శీను వాళ్ల నాయనమ్మకి పదిహేనేళ్లుగా షుగరు. ఆ చెమట వాడికి తెలుసు.

దగ్గరికెళ్లి వంగి, "మామ్మగారూ, ఇంజక్షన్ చేసుకున్నారా?" అని మెల్లగా అడిగాడు.

"ఏడున్నరకే చేసుకున్నాను నాయనా. ఎనిమిదింటికి తినేస్తాం గదా అనుకున్నాను."

శీను పరిగెత్తలేదు. పరిగెత్తితే టేబులంతా లేచి నిలబడుతుంది. కాఫీ కౌంటర్ దగ్గరికి గబగబా నడిచి, సగం గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార వేసి కలిపి తెచ్చి, ఆవిడ వేళ్ల చుట్టూ తన వేళ్లు వేసి గ్లాసు పట్టించాడు. ఆవిడ తాగింది. కోడలు అప్పుడు చూసి, "అయ్యో అత్తయ్యా," అంటూ లేచొచ్చింది. "కాసేపట్లో తగ్గుద్దమ్మా, కానీ వెంటనే ఏదైనా తినాలి. పెరుగన్నం తెస్తాను," అన్నాడు శీను. నిజానికి పెరుగన్నం ఉందో లేదో వాడికి తెలీదు.

ఈసారి కిచెన్‌లోకి వెళ్లినప్పుడు వాడు తలుపు దగ్గర ఆగలేదు. నేరుగా హండీ దగ్గరికి వెళ్లాడు. మూతకీ అంచుకీ మధ్య పూసిన మైదా పిండి ఇంకా తెల్లగా, మెత్తగానే ఉంది. ఆవిరి ఇంకా పట్టలేదు.

"మాస్టర్, ఇది ఎంతసేపు పడుద్ది?"

"వస్తది పోరా."

"కాదు మాస్టర్, నిజంగా ఎంతసేపు? పైన ఒక మామ్మగారికి షుగర్ పడిపోయింది. నేను వెళ్లి ఏదో ఒకటి చెప్పాలి."

మస్తాన్ మాస్టర్ అప్పుడు ముఖం తిప్పి చూశాడు. గరిటె పక్కన పెట్టాడు. "ఇందులో వేసింది పచ్చి మాంసం, ముప్పావు ఉడికిన బియ్యం. ఇప్పుడే మూత తీశాననుకో, ఎముక దగ్గర రక్తం కనపడుద్ది. పోయిన ఆవిరి మళ్లీ రాదు. ఈ పిండి ఎండి, పక్కల నుంచి ఆవిరి గట్టిగా తన్నాలి. అప్పుడు మంట తగ్గించి మూత మీద బొగ్గులెయ్యాలి. ఇరవై అయిదు నిమిషాలు. ఒక్క నిమిషం ముందు కూడా తియ్యను, ఓనరు వచ్చి అడిగినా సరే."

అలాంటి మాట కిచెన్‌లోంచి బయటికి రావడం చాలా అరుదు. లోపల అందరికీ తెలిసే ఉంటుంది, టేబుల్ దాకా వచ్చేసరికి అది రెండు నిమిషాలైపోతుంది. కూర్చున్నవాడు ఆకలిని ఓర్చుకోగలడు గానీ ఎంతసేపో తెలియకపోవడాన్ని ఓర్చుకోలేడు.

చిన్న ఫ్రిజ్‌లో పెరుగుంది. స్టాఫ్ కోసం వండిన అన్నం గిన్నె మూల ఉంది. గిన్నెడన్నం వేడి నీళ్లతో మెదిపి పెరుగు కలిపి ఉప్పేశాడు. చైనీస్ పొయ్యి దగ్గర ఒడిశా కుర్రాడు బిశ్వ పార్సిల్ నూడుల్స్ ఎగరేస్తున్నాడు. "అన్నా, చిన్నపిల్లలు అయిదుగురు. ఎగ్ ఫ్రైడ్ రైస్ రెండు, కారం లేకుండా. పార్సిళ్లకంటే ముందు." బిశ్వ, కెప్టెన్ ఉన్నాడేమోనని తలుపు వైపు చూసి, ఏమీ అనకుండా గుడ్లు కొట్టాడు.

పైకెళ్లి ముందు పెరుగన్నం ఏడో నంబరు ముందు పెట్టి, టేబుల్ చివర నిలబడ్డాడు శీను.

"సార్, బిర్యానీకి ఇంకా ఇరవై అయిదు నిమిషాలు పడుద్ది. ఇందాక రెండు నిమిషాలన్నది నిజం కాదు. మొదటి హండీ పార్సిళ్లకి అయిపోయింది, రెండోది దమ్ మీదుంది, తీస్తే పచ్చిగా ఉంటది. పిల్లలకి ఫ్రైడ్ రైస్ వచ్చేస్తోంది. వెజ్ వాళ్లకి నాన్‌లు పది నిమిషాల్లో తెస్తాను. మిగతా స్టార్టర్లు ఒక్కో ప్లేటే వస్తాయి, అటు చివర నుంచి మొదలుపెడతాను."

కొడుకు గొంతు లేచింది. బుక్ చేసి మూడు రోజులైందనీ, ఇదేం పద్ధతనీ, మేనేజర్ని పిలవమనీ. అన్నదాంట్లో ఒక్క మాట కూడా అన్యాయం కాదు. శీను మధ్యలో అడ్డురాలేదు, "అవును సార్" అంటూ నిలబడ్డాడు. పెద్దాయన చేతి గడియారం చూసుకుని, "తొమ్మిదీ పదిహేను. అప్పటికి రావాలి బాబూ," అన్నాడు. ఆ తర్వాత కొడుకుతో, "ఉండరా, టైం చెప్పాడుగా," అన్నాడు.

ఆ ఇరవై అయిదు నిమిషాలు శీను ఎలా గడిపాడంటే, ఒక్కసారి కూడా ఖాళీ చేతులతో టేబుల్ దగ్గరికి రాలేదు. నీళ్లు, ఉల్లిపాయలు, అపోలో ఫిష్ ఒక ప్లేటు, పిల్లల ఫ్రైడ్ రైస్, నాన్‌లు నాలుగు నాలుగుగా. ఏమీ లేనప్పుడు కనీసం తీసిన ప్లేట్ల బదులు శుభ్రమైన ప్లేట్లు. మామ్మగారు సగం తిని, "నువ్వు తిన్నావా?" అని అడిగింది. "తింటాను మామ్మగారూ," అన్నాడు.

తొమ్మిదీ పన్నెండుకి మాస్టర్ కత్తితో పిండి పగలగొట్టాడు. మూత లేవగానే వేయించిన ఉల్లిపాయల వాసన, పుదీనా వాసన మెట్ల దాకా వచ్చింది. మాస్టర్ చదును గరిటెని పక్క నుంచి అడుగుదాకా దించి, తెల్ల మెతుకూ పసుపు మెతుకూ ముక్కా కలిసొచ్చేలా ఎత్తాడు, మెతుకు విరగకుండా. రాజుగారు కౌంటర్ వదిలేసి వచ్చి రెండు జంబోలు తనే అందుకున్నాడు. సాలన్ తక్కువైంది, పెరుగు చట్నీ ఎక్కువ పోశారు. టేబుల్ మీద అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

బిల్లులో ఫ్రైడ్ రైస్, పెరుగన్నం రాజుగారు కొట్టేశాడు. కొడుకు ఇంకా ముభావంగానే ఉన్నాడు, మళ్లీ వస్తామని అనలేదు. మామ్మగారు మెట్లు దిగేటప్పుడు శీను భుజం పట్టుకుని దిగింది.

పన్నెండు దాటాక స్టాఫ్ భోజనాలకి కూర్చున్నారు. మస్తాన్ మాస్టర్ హండీ అడుగున మిగిలిన బిర్యానీ ప్లేట్లో వేసి శీను ముందుకి తోశాడు.

"ఇరవై అయిదని నువ్వు వాళ్లకి చెప్పేశావంటగా?"

"మీరే అన్నారు గదా మాస్టర్."

"నీకు చెప్పానురా, వాళ్లకి కాదు. వాళ్లకైతే ముప్పై చెప్పేవాణ్ణి. బొగ్గులు సరిగ్గా అంటుకోకపోతే ఏం చేసేవాడివి?"

శీను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. ఆ సంగతి వాడికి తట్టనేలేదు.

"రేపు మధ్యాహ్నం నలభై మంది పార్టీ ఉంది," అన్నాడు మాస్టర్, బీడీ వెతుక్కుంటూ లేచి. "పదకొండింటికి హండీ ఎక్కిస్తా. నువ్వొచ్చి పక్కన నిలబడి చూడు, ఏది ఎంతసేపు పడుద్దో."