బిల్లు సరిచూద్దాం: ఎనిమిదో తరగతి లెక్కల వర్క్‌షీట్

శ్రీకాకుళం జిల్లా. సమయం: 45 నిమిషాలు. కాలిక్యులేటర్ వద్దు, రఫ్ పేపర్ వాడుకోండి.

మా అమ్మ బజారు నుంచి రాగానే సంచి దించి, అరుగు మీద కూర్చుని, బిల్లులో ప్రతి వరుసకీ పెన్సిల్‌తో టిక్కు పెట్టేది. ఈరోజు మీరు చేయాల్సిన పని అదే. చివరి మొత్తం ఒక్కటే చూస్తే తప్పు దొరకదు. పై వరుస నుంచి ఒక్కొక్కటే సరిచూసుకుంటూ కిందికి రావాలి.

చేసి చూపిన లెక్క: పలాసలో జీడిపప్పు

| సరుకు | తూకం | కిలో ధర (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|
| జీడిపప్పు గుండు | 1.5 కిలోలు | 860.00 | 1,290.00 |
| జీడిపప్పు బద్ద | 750 గ్రాములు | 790.00 | 592.50 |

750 గ్రాములంటే 0.75 కిలో. గ్రాములను కిలోల్లోకి మార్చకుండా గుణించేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు, అక్కడ జాగ్రత్త.

సరుకుల మొత్తం 1,882.50. తగ్గింపు 4 శాతం, అంటే 75.30. మిగిలింది 1,807.20. పన్ను వేయాల్సింది దీని మీదే. జీడిపప్పుకి జీఎస్టీ 5 శాతం. అందులో సగం కేంద్రానికి (సీజీఎస్టీ 2.5 శాతం), సగం రాష్ట్రానికి (ఎస్‌జీఎస్టీ 2.5 శాతం). ఒక్కొక్కటి 45.18.

1,807.20 + 45.18 + 45.18 = 1,897.56

పైసలు 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పై రూపాయికి, తక్కువైతే కింది రూపాయికి సర్దాలి. ఇక్కడ 56 పైసలు ఉన్నాయి కాబట్టి రౌండాఫ్ +0.44, ఇవ్వాల్సింది రూ. 1,898.

1. శ్రీకాకుళంలో కరెంటు సామాను కొట్టు

| సరుకు | ఎన్ని | ధర (రూ.) | మొత్తం (రూ.) |
|---|---|---|---|
| సీలింగ్ ఫ్యాను | 1 | 1,650.00 | 1,650.00 |
| ఎల్ఈడీ బల్బు | 4 | 78.50 | 314.00 |
| వైరు | 12 మీటర్లు | 18.75 | 225.00 |
| సరుకుల మొత్తం | | | 2,189.00 |
| సీజీఎస్టీ 9 శాతం | | | 197.01 |
| ఎస్‌జీఎస్టీ 9 శాతం | | | 197.01 |
| తగ్గింపు 10 శాతం | | | −218.90 |
| రౌండాఫ్ | | | −0.12 |
| ఇవ్వాల్సింది | | | 2,364.00 |

(అ) ప్రతి గుణకారం, ప్రతి కూడిక సరిచూడండి. ఒక్కటీ తప్పు కాదని తేలుతుంది. అయినా బిల్లు తప్పే. ఎక్కడ?
(ఆ) సరైన బిల్లు రాయండి. పన్నులో మూడో దశాంశం వస్తే రెండు స్థానాలకు సర్దండి.
(ఇ) కొన్నవాళ్లకి ఎంత నష్టం?

2. ఆమదాలవలసలో కిరాణా కొట్టు

విడిగా తూచిన బియ్యం 5 కిలోలు, కిలో రూ. 52.50. విడి కందిపప్పు 750 గ్రాములు, కిలో రూ. 118. సబ్బులు 3, ఒక్కోదాని ఎమ్మార్పీ రూ. 38. విడి బియ్యానికీ, విడి పప్పుకీ జీఎస్టీ లేదు. సబ్బుకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం. కొట్టులో సబ్బుల మీద 5 శాతం కలిపి, మొత్తం రూ. 471 అడిగారు.

(అ) 471 ఎలా వచ్చింది?
(ఆ) ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిసిన ధర. మరి ఇవ్వాల్సింది ఎంత?
(ఇ) సబ్బుల ధర 114లో దాగి ఉన్న పన్ను ఎంత? 114లో 5 శాతం తీస్తే తప్పు. 100కి పన్ను కలిస్తే 105 అవుతుంది, అక్కడ మొదలుపెట్టండి.

ఒకసారి నేనూ ఇలాగే ఎమ్మార్పీ మీద మళ్లీ పన్ను కట్టి వచ్చేశాను. వెనక క్యూ ఉంది, అడగడానికి మొహమాటపడ్డాను. మీరు మొహమాటపడొద్దు. "ఈ వరుస ఒకసారి చూడండి" అని మర్యాదగా అడిగితే చాలు.

3. పైసలు

25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అందుకే బిల్లు చివర ఈ సర్దుబాటు.

(అ) 236.50, 1,049.49, 782.08లను రూపాయికి సర్దండి.
(ఆ) రూ. 40.50 చొప్పున మూడు వస్తువులు. ఒక్కోదాన్నీ ముందే సర్ది కూడితే ఎంత? కూడాక ఒక్కసారే సర్దితే ఎంత? ఏది న్యాయం, ఎందుకు?

4. పొందూరు ఖాదీ పంచె

ధర రూ. 1,400. ముందు 20 శాతం తగ్గించి, మిగిలినదాని మీద ఇంకో 10 శాతం తగ్గించారు. పన్ను పక్కన పెట్టండి. ఎంత ఇవ్వాలి? 30 శాతం తగ్గినట్టేనా?

జవాబులు (చేశాకే చూడండి)

1. తగ్గింపు తీయకముందే పన్ను వేశారు. 1,970.10 మీద ఒక్కో పన్ను 177.31, మొత్తం 2,324.72, ఇవ్వాల్సింది రూ. 2,325. నష్టం రూ. 39.
2. 262.50 + 88.50 + 114 = 465. దానికి 5.70 కలిపి, 470.70ని 471 చేశారు. ఇవ్వాల్సింది రూ. 465. దాగిన పన్ను 114 × 5 ÷ 105 = రూ. 5.43.
3. 237, 1,049, 782. ముందే సర్దితే 123, చివర సర్దితే 122. చివర సర్దడమే న్యాయం: తేడా ఒక్కసారే, అర్ధరూపాయి దాటకుండా ఉంటుంది.
4. 1,120, ఆపైన రూ. 1,008. తగ్గింది 28 శాతమే.