శ్రావణి చదువు ఖర్చుల విషయం

హైదరాబాద్,
14 డిసెంబర్ 2025

వెంకన్న గారికి, పద్మమ్మ గారికి,

నమస్కారం. మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పత్తి ఏరడం అయిపోయి ఉంటుంది. ఈ విషయం ఫోన్లో చెబితే సగం వినబడి సగం వినబడక మీకు టెన్షన్ ఎక్కువవుతుందని ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద ఉంటే మీరు పదిసార్లు చూసుకోవచ్చు, నలుగురిని అడగనూవచ్చు.

వచ్చే జూన్ 30న నేను రిటైర్ అవుతున్నాను. పెన్షన్ ఇప్పటి జీతంలో దాదాపు సగం. అందులో ఇల్లు గడవాలి, మా అమ్మ మందులూ చూసుకోవాలి. అందుకని శ్రావణి చదువుకు ఇప్పుడు ఇస్తున్నట్టు చివరిదాకా ఇవ్వలేను. ఎంతవరకు ఇవ్వగలనో ఇప్పుడే చెబితే మీకు ఏర్పాటు చేసుకోవడానికి టైం ఉంటుంది.

ఈ రెండో సంవత్సరం పూర్తయ్యేదాకా అంతా నాదే. జూన్ వరకు హాస్టల్, పరీక్ష ఫీజులు, దేనికీ మీరు చూసుకోనక్కర్లేదు. మూడో సంవత్సరం ఫీజులో ప్రభుత్వం ఇచ్చే 35,000 పోగా మిగిలే 45,000 కూడా జూలైలో నేనే కాలేజీకి కడతాను. రిటైర్మెంట్ డబ్బులోంచి అది విడిగా తీసి పెడుతున్నాను. నా వల్ల అయ్యేది అక్కడివరకే. మూడో ఏడు హాస్టల్ 60,000, నాలుగో ఏడు హాస్టల్ 60,000, నాలుగో ఏడు ఫీజు 45,000, మొత్తం 1,65,000 మీరు చూసుకోవాల్సి వస్తుంది. ఇందులో మొదటి డబ్బు అవసరమయ్యేది వచ్చే జూలైలో. అంటే ఇంకా ఆరు నెలలకు పైనే ఉంది.

మొదటి సంవత్సరం రెండో సెమిస్టర్లో మ్యాథ్స్ పోయింది కదా, అందుకే మేడమ్ ఆపేస్తోందని మీకు గానీ శ్రావణికి గానీ అనిపించవచ్చు. అది కానే కాదు. ఇంజనీరింగ్‌లో ఒక సబ్జెక్టు పోవడం మామూలే, సప్లిమెంటరీలో రాసుకుంటుంది. అది అన్నీ పాసైనా నేను ఇదే ఉత్తరం రాసేదాన్ని.

ఇక మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారో నేను ఊహించగలను. "రెండేళ్ళు చదివింది చాలు, సంబంధం చూద్దాం" అని బంధువుల్లో ఎవరో ఒకరు అంటారు. మీ ఇంటి విషయంలో నేను వేలు పెట్టకూడదు. కానీ ఒకటి అడుగుతాను: డబ్బు లేదన్న కారణంతో మాత్రం మాన్పించకండి. ఈ 1,65,000కు దారి ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో లోన్ల ఫైళ్ళు చూసినదాన్ని, ఊరికే ధైర్యం చెప్పడానికి అనడం లేదు.

దారి అంటే ఎడ్యుకేషన్ లోన్. నాలుగు లక్షల లోపు లోనుకు భూమి తాకట్టు అడగరు, మన వాటాగా ముందు డబ్బు కట్టమనీ అనరు. లోను శ్రావణి పేరు మీద, వెంకన్న గారు మీ పేరు మీద కలిపి ఇస్తారు. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఏడాది వరకు కిస్తీ మొదలవదు. వడ్డీ మాత్రం ఆ కాలంలో కూడా లెక్కలో చేరుతూ ఉంటుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఆ వడ్డీ కేంద్రం భరించే పథకం ఉంది గానీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్ళకు అది వర్తిస్తుందో లేదో బ్రాంచిలో అడిగి తెలుసుకోవాలి. రాదనే లెక్క వేసుకుందాం, వస్తే సంతోషం. అదే ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారంటే ఈ డబ్బుకు నెలకు దాదాపు ఐదు వేలు వడ్డీకే పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఎకరం అమ్మే మాట కూడా ఎత్తకండి.

ఒక్క చిక్కు ఉంది. మీ పంట రుణం. లోన్ ఇచ్చే ముందు బ్యాంకు వాళ్ళు మీ పాత బాకీలు చూస్తారు. 2024లో రుణమాఫీ అయిందని చెప్పారు. అయింది సరే, ఖాతాలో నిజంగా బాకీ సున్నా అయిందా, తర్వాత మళ్ళీ తీసుకున్నది రెన్యువల్ అయిందా, అది మీరు బ్రాంచికి వెళ్ళి కనుక్కోవాలి. మాఫీ వచ్చిందనుకుని వదిలేసిన ఖాతాలో పాత వడ్డీ కొంచెం మిగిలిపోయి, పిల్లల లోను ఆగిపోయిన కేసులు నా టేబుల్ మీదికే ఎన్నో వచ్చాయి. ఈ నెలాఖరులోగా పాస్‌బుక్ ప్రింట్ చేయించండి.

సంక్రాంతికి శ్రావణి ఇంటికి వస్తుంది కదా. అప్పుడు కాలేజీ నుంచి బోనఫైడ్, ఫీజుల వివరం ఉన్న లెటర్, హాస్టల్ ఖర్చు రాసిన కాగితం తెచ్చుకోమనండి. ఈపాస్ కోసం తీసుకున్న ఆదాయం సర్టిఫికెట్ పాతబడితే మీసేవలో కొత్తది పెట్టండి. మీ ఇద్దరి పాన్ కార్డులు, ఆధార్లు, ఎంసెట్ ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్, మార్కుల మెమోలు ఒక ఫైల్లో పెట్టుకోండి. విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు శ్రావణే చేసుకోగలదు. బ్రాంచిలో "తర్వాత రండి" అంటే గొడవపడకండి, అప్లికేషన్ నంబరు ఉందని చెప్పండి. అప్పటికీ కదలకపోతే నాకు ఫోన్ చేయండి, మేనేజరుతో నేను మాట్లాడతాను. రిటైర్ అయినా ఆ మాత్రం మాట చెల్లుతుంది.

ఇంకెవరైనా దాతను చూసిపెడతానని మాట ఇవ్వలేను. అడిగి చూస్తాను. దొరికితే దొరికినట్టు, ఆ ఆశ మీద లోను పని మాత్రం ఆపవద్దు.

పద్మమ్మ గారూ, మీ సంఘంలో పొదుపు మీద తీసుకునే అప్పు ఉంటే అది హాస్టల్‌కు కాకుండా చిన్న ఖర్చులకు, పుస్తకాలకు ఉంచుకోండి. బ్యాంకు డబ్బు మంజూరైనా చేతికి ఇవ్వరు, ఎక్కువ భాగం కాలేజీకే పంపుతారు. అదీగాక రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే కాలేజీ వాళ్ళు ముందు మిమ్మల్నే కట్టమంటారు. అలాంటప్పుడు సర్దుబాటుకు సంఘం డబ్బు పనికొస్తుంది.

ఇంటర్ నుంచి ఇప్పటిదాకా నేను ఇచ్చింది ఎప్పుడూ తిరిగి ఇవ్వాలని లేదు. శ్రావణి ఉద్యోగంలో చేరాక నాకేదో పంపాలని ఆలోచించవద్దని దానికి మీరే చెప్పండి. మార్కుల మెమో ఫొటో తీసి పంపడం మాత్రం మానవద్దు. డబ్బు ఆగినా ఆ అలవాటు ఆగకూడదు, నాకు చూడాలని ఉంటుంది.

శ్రావణీ, నీతో విడిగా ఒక మాట. ఇది చదివి నువ్వు సెలవుల్లో ఏదో పనికి వెళ్ళి ఇంటికి పంపాలనుకుంటావు, నాకు తెలుసు. ముందు ఆ మ్యాథ్స్ సబ్జెక్టు తేల్చుకో. మూడో ఏడాది చివర్లో క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావరకు బ్యాక్‌లాగ్ ఉంటే కూర్చోనివ్వరు. లోను తీర్చాల్సింది నీ జీతమే కాబట్టి ఈ సబ్జెక్టే నీకు అన్నింటికన్నా ముఖ్యం.

వచ్చే ఆదివారం 21న సాయంత్రం ఆరు దాటాక నేనే ఫోన్ చేస్తాను. ఇద్దరూ ఇంట్లో ఉండండి. అప్పటికి పంట రుణం పాస్‌బుక్ దగ్గర పెట్టుకుంటే లెక్క అప్పుడే చూసేద్దాం.

ఇట్లు,
సుజాత