విషయం: వి.కోట రోడ్డులో కడుతున్న మీ కొత్త పాల సెంటర్‌, ఇన్‌ఛార్జి పని గురించి

నమస్కారం సార్,

నా పేరు రేవతి. మనకు పరిచయం లేదు. పాల సేకరణకి మనుషుల్ని తీసుకునేది మీరేనని మీ కంపెనీ వెబ్‌సైట్‌లో చూసి నేరుగా మీకే రాస్తున్నాను.

పోయిన గురువారం పలమనేరు నుంచి వి.కోట వెళ్తుంటే రోడ్డు పక్కన మీ బోర్డు, వెనక కొత్త షెడ్డు కనిపించాయి. బండి ఆపి లోపలికి వెళ్లి చూశాను. గచ్చు పోసేశారు, కూలర్ పెట్టే దిమ్మె లేచింది, జనరేటర్ గది గోడలు సగం దాకా వచ్చాయి. ఉగాదికల్లా పాలు పోయించుకుంటారని మేస్త్రి చెప్పాడు. ఈ సెంటర్‌కి మనుషులు కావాలని మీరు ఎక్కడా ప్రకటన ఇచ్చినట్టు లేదు. ఇన్‌ఛార్జిగా ఇంకా ఎవరినీ ఖాయం చేయకపోతే నన్ను చూడమని అడగడానికే ఈ మెయిల్.

తిరుపతి డెయిరీ టెక్నాలజీ కాలేజీలో బీటెక్ చేశాను. ఆరేళ్లుగా పుంగనూరు వైపు ఒక ప్రైవేటు డెయిరీ బల్క్ కూలర్ సెంటర్‌లో పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లు ల్యాబ్, ఆ తర్వాత నాలుగేళ్లుగా సెంటర్ మొత్తం నా చేతి మీదే నడుస్తోంది. 5 వేల లీటర్ల కూలర్, 23 ఊళ్లు, మూడు రూట్లు, నాతో కలిపి ఐదుగురం.

నేను చేసిన పనుల్లో ఒక్కటి చెప్తాను. మూడేళ్ల కిందట మే నెలలో సాయంత్రం రూట్‌లో రోజూ ఒకటో రెండో క్యాన్ల పాలు విరిగిపోయేవి. క్యాన్‌కి 40 లీటర్లు. అందరూ ఎండ అనేవాళ్లు. నేను వరసగా నాలుగు సాయంత్రాలు ఆ ఆటోలోనే కూర్చుని తిరిగాను. ఆటో దగ్గర ఊళ్లలో ముందు ఎత్తుకుంటూ చివరి ఊరి దాకా పోయి వెనక్కి వచ్చేది, అంటే సెంటర్‌కి రెండు కిలోమీటర్లలో ఉన్న ఊరి పాలు 52 కిలోమీటర్లు ఊరేగి, మూడు గంటల తర్వాత మళ్లీ అదే ఊరి ముందు నుంచి మా గేటుకి వచ్చేవి! రూట్ తిప్పేశాను. ఖాళీ ఆటో నేరుగా చివరి ఊరికి పోతుంది, వచ్చేటప్పుడు ఎత్తుకుంటూ వస్తుంది. దగ్గర ఊళ్ల వాళ్లు పాలు పితికేది అరగంట ఆలస్యం చేయాల్సి వచ్చింది, దానికి ఇంటింటికీ వెళ్లి ఒప్పించాను. ఏ క్యాన్ అయినా బయట ఉండే సమయం రెండు గంటల లోపుకి వచ్చింది. ఆ తర్వాతి వేసవి మొత్తం మీద మాకు విరిగినవి నాలుగు క్యాన్లు.

మాది పలమనేరే. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగుతో పాటు తమిళం, కన్నడ మాట్లాడే రైతులు ఉంటారు, మూడు భాషల్లోనూ బిల్లు లెక్క విడమరచి చెప్పగలను. ఇప్పుడున్న చోట నాకు ఇబ్బందేం లేదు. అయితే ఆ సెంటర్ నిలదొక్కుకున్న తర్వాత నా చేతికి వచ్చింది, ఒక సెంటర్‌ని మొదటి క్యాన్ నుంచి నిలబెట్టాలని ఎప్పటి నుంచో ఉంది. ఇప్పటి జీతం 27 వేలు, 32 అడుగుతున్నాను. నెల రోజుల నోటీసు ఇచ్చి రావాలి, అందుకే ఉగాది లెక్క చూసుకుని ఇప్పుడే రాస్తున్నాను.

ఒక్క పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుంటే చెప్పండి సార్. మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య నాకు క్యాన్లు ఉండవు. రమ్మంటే చిత్తూరు ఆఫీసుకైనా వస్తాను. బయోడేటా జత చేశాను, ఫోన్ నంబర్ దాని మీదే ఉంది. దాంతో పాటు ఇంకో కాగితం కూడా పెట్టాను, ఆ సెంటర్ నాకిస్తే మొదటి పది రోజులు ఏం చేస్తానో అందులో రాశాను. తీరిక ఉంటేనే చూడండి.

ఇట్లు,
రేవతి
పలమనేరు


జత చేసిన కాగితం: మొదటి పది రోజులు

కొత్త సెంటర్‌కి మొదటి రోజు వచ్చే రైతు మనల్ని పరీక్ష పెట్టడానికి వస్తాడు. నిన్నటి దాకా ఇంకో చోట పోశాడు, అక్కడ ఫ్యాట్ ఎంత వచ్చిందో, లీటరుకి ఎంత పడిందో నోటికి తెలుసు. అదే ఆవు పాలకి మన దగ్గర 3.8 కాస్తా 3.5 వస్తే పోట్లాడడు, మాట్లాడకుండా చీటీ మడిచి జేబులో పెట్టుకుని రేపట్నుంచి రాడు. మొదటి పది రోజుల బిల్లు చేతిలో పడేలోపే ఊరు ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది. అందుకని నేను అన్నిటికంటే ముందు చూసేది మిషన్ రీడింగ్.

ఇది మా సెంటర్‌లో చూసి నేర్చుకున్నాను. ఒక ఊళ్లో పెద్దావిడ ఒకరు రెండావుల పాలు పోస్తుంది. వారం రోజులుగా ఫ్యాట్ తగ్గుతూ వస్తోందని నా దగ్గరికి వచ్చి, "ఏం పాపా, మా ఆవు రాత్రికి రాత్రి మారిపోయిందా?" అని అడిగింది. ఆ ఊరి శాంపిల్స్ పన్నెండు తెచ్చుకుని గెర్బర్ పద్ధతిలో నేనే చేశాను. ట్యూబులో 10 మి.లీ. యాసిడ్, మీద మెల్లగా 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్, బిరడా పెట్టి తిప్పితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్, 65 డిగ్రీల నీళ్లలో కాసేపు, అప్పుడు మెడలో పసుపుపచ్చగా తేలిన వెన్న గీత చూడాలి. పన్నెండులో పదింటికి మిషన్ తక్కువ చూపిస్తోంది. ఆ ఊళ్లో మిషన్ చూసే కుర్రాడు రోజూ దాన్ని ఉత్త నీళ్లతో కడిగి ఆపేస్తున్నాడు, మందుతో కడగడం మానేసి మూడు వారాలైంది, లోపల గొట్టానికి పాల జిడ్డు పేరుకుపోయింది. కడిగించి సరిచేశాక ఆ వారం తేడా డబ్బులు ఊరు మొత్తానికి వచ్చే బిల్లులో కలిపి ఇప్పించాను, దానికి మా మేనేజర్‌ గారిని రెండు రోజులు బతిమాలాల్సి వచ్చింది. ఆ పెద్దావిడ ఇప్పటికీ మాకే పోస్తుంది.

కాబట్టి మీ సెంటర్ తెరిచే ముందు వారమే ప్రతి ఊరి మిషన్‌నీ గెర్బర్‌తో సరిచూస్తాను. మొదటి పది రోజులు రోజుకి ఊరికి రెండు శాంపిల్స్ మళ్లీ చేస్తాను, ఆ తర్వాత వారానికి ఒకసారి చాలు. రైతు అడిగితే ఆయన ఎదురుగానే చేస్తాను. రీడింగ్ చీటీ రాయకుండా ఒక్క గిన్నె కూడా లోపలికి పోనివ్వను.

రెండోది పాలు వద్దని చెప్పడం. మొదటి రోజుల్లో పాలు రావాలన్న ఆత్రంలో ఏదైనా పోయించేసుకుంటారు, అక్కడే దెబ్బ తింటాం. పుల్లబడిన ఒక్క క్యాన్ కూలర్‌లో పడితే మిగతా పాలన్నీ దానితో పోతాయి. అనుమానం వచ్చిన క్యాన్‌ నుంచి కాసిన్ని తీసి రైతు ముందే టెస్ట్ ట్యూబులో కాచి చూపిస్తాను. విరిగితే తన కళ్లతో తనే చూస్తాడు, నేను మాట చెప్పాల్సిన పని ఉండదు. పులుపు తెలియకుండా సోడా కలిపారేమోనన్న చోట రోజాలిక్ యాసిడ్ చుక్కలు వేస్తే గులాబీ రంగు వచ్చేస్తుంది. ఆ రంగు మాత్రం నలుగురిలో చూపించను, ఆ మనిషిని పక్కకి పిలిచి చూపిస్తాను. పరువు పోయిన రైతు తిరిగి రాడు, తనతో పాటు ఇంకో పది ఇళ్లని ఆపుతాడు.

మూడోది సాయంత్రం కూలర్. పొద్దున పాలు 4 డిగ్రీలకి దిగి ఉంటాయి. వాటి మీద సాయంత్రం వేడి పాలు మూడు రూట్లవీ ఒకేసారి గుమ్మరిస్తే మొత్తం వేడెక్కి, మళ్లీ దిగడానికి రాత్రి దాకా పడుతుంది. రూట్‌కి రూట్‌కి మధ్య కనీసం ముప్పావుగంట ఉండేట్టు బళ్ల టైములు వేస్తాను, గంటకోసారి డిగ్రీలు పుస్తకంలో రాయిస్తాను. వేసవిలో కరెంటు పోయేది కూడా సరిగ్గా ఆ వేళకే, కాబట్టి జనరేటర్‌ని రోజూ ఒకసారి పది నిమిషాలు నడిపి చూడటం, రెండు రోజులకి సరిపడా డీజిల్ ఎప్పుడూ ఉంచుకోవడం నా పనే అనుకుంటాను.

పదో రోజు బిల్లులు. మొదటి బిల్లు మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదు సార్. డబ్బు ఖాతాలో పడినా సరే, నేను రెండు రోజులు ఊరూరా తిరిగి లెక్క చదివి వినిపిస్తాను. ఎవరికైనా అనుమానం ఉంటే అక్కడే తేలిపోతుంది.


పన్నెండు రోజుల తర్వాత పంపిన మెయిల్

విషయం: వి.కోట రోడ్డు సెంటర్, ఇంకో చిన్న సంగతి

నమస్కారం సార్,

ఈ నెల మొదట్లో మీ కొత్త సెంటర్ ఇన్‌ఛార్జి పని గురించి రాశాను, ఆ మెయిల్ కిందనే ఉంది. మీకు పని ఒత్తిడి ఉంటుందని తెలుసు, అందుకే మళ్లీ అదే అడిగి విసిగించకుండా మీకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్దామని రాస్తున్నాను.

నిన్న నాకు సెలవు. సాయంత్రం ఐదింటి నుంచి ఏడింటి దాకా మీ సెంటర్‌ నుంచి వి.కోట వరకు, అక్కణ్ణుంచి లోపలి ఊళ్లకి బండి మీద తిరిగాను. నిన్న సంత. బస్టాండు దగ్గర ఒక పాల ఆటో ఇరుక్కుని కదలడానికి 25 నిమిషాలు పట్టింది, నేను పక్కనే నిలబడి చూశాను. క్యాన్ల మీద గోనెసంచి కూడా లేదు. ఊరి బయట నుంచి ఒక మట్టి దారి ఉంది, రెండు కిలోమీటర్లు ఎక్కువ కానీ ఆటో పడుతుంది, నేను వెళ్లి వచ్చాను. ఆ వైపు రూట్ వేసేటప్పుడు సంత రోజుకి ఆ దారి పెట్టుకుంటే మేలు. నన్ను తీసుకున్నా తీసుకోకపోయినా ఇది మాత్రం మీ రూట్లు చూసేవాళ్లకి చెప్పండి.

ఆ సెంటర్‌కి ఇప్పటికే ఎవరినైనా అనుకుని ఉంటే ఒక్క మాట రాస్తే చాలు సార్, నేను ఏమీ అనుకోను. అలాంటప్పుడు ల్యాబ్ పనికైనా, మదనపల్లె, కుప్పం వైపు ఇంకో సెంటర్ తెరిచే ఆలోచన ఉంటే దానికైనా నా పేరు గుర్తుంచుకోండి. ఇంకా ఎవరినీ అనుకోకపోతే వచ్చే బుధవారం నేను చిత్తూరులోనే ఉంటాను, 11 గంటలకి మీ ఆఫీసుకి రమ్మంటారా?

ఇట్లు,
రేవతి