జీతాల షీటు

ఆ ఆఫీసులో జీతాల షీటు తయారుచేసేది మాధవే. కాబట్టి జూన్‌లో కొత్తగా చేరిన కిరణ్ పేరు పక్కన 22,000 అని టైప్ చేసింది కూడా ఆమే. దానికి రెండు వరసల పైన తన పేరు, పక్కన 15,000.

కిరణ్ మీద కోపం రాలేదు. మంచి పిల్లాడు. "అక్కా, జీఎస్టీ టూ-బీలో ఈ బిల్లు కనపడట్లేదు" అంటూ రోజుకు పదిసార్లు ఆమె టేబుల్ దగ్గరికే వస్తాడు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2016లో గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ ఆఫీసులో ఉద్యోగం మానేసినప్పుడే ఆమె జీతం 18,000. బాబు పుట్టిన ఏడాదే అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఆ ఒకరు ఎవరని ఎవరూ ఎవరినీ అడగలేదు. 2017 జూలై 1న వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చిన రోజుల్లో ఆమె అత్తయ్యను గోడ పట్టుకుని నడిపిస్తూ ఉంది. అత్తయ్య పోయి, బాబు కాస్త పెద్దవాడయ్యాక, రాత్రిళ్లు కూర్చుని జీఎస్టీ రిటర్నులన్నీ మొదటి నుంచి నేర్చుకుంది.

2024 జనవరిలో ఆటోనగర్‌లోని ఈ స్పేర్ పార్టుల డీలర్ దగ్గరికి వచ్చినప్పుడు సుబ్బారావు గారు "ఎంత అనుకుంటున్నావమ్మా?" అని అడిగారు. "మీ ఇష్టమండీ" అంది. ఎనిమిదేళ్ల గ్యాప్ కదా అని ఆయన 15,000 అన్నారు. ఉద్యోగం దొరికిందన్న సంతోషంలో ఆ అంకె అప్పుడు చిన్నగా అనిపించలేదు.

"బాబు స్కూలు ఫీజు పెరిగిందని చెప్పు, కాదనలేరు" అన్నాడు భర్త శ్రీను.

పాత ఆఫీసు రాజ్యలక్ష్మి అక్క మాత్రం ఫోన్లో గట్టిగా చెప్పింది. "ఫీజు మాట ఎత్తకు. దానికి మీ ఆయన లేడా అంటారు. నువ్వు చేసే పనికి బయట 24 నుంచి 28 వేల దాకా ఇస్తున్నారు. 26 అని నువ్వే ముందు చెప్పు. చెప్పాక మాట్లాడకు. ఆయన ఆలోచించుకునే లోపు మనమే తగ్గించేసుకుంటాం, అదే మన జబ్బు."

జూలై 20న త్రీ-బీ రిటర్ను వేసేసింది. సోమవారం మధ్యాహ్నం, కౌంటర్లో రద్దీ తగ్గాక, ఒక కాగితం పట్టుకుని లోపలికి వెళ్లింది.

"జీతం గురించి మాట్లాడాలండీ. 26,000 కావాలి."

గొంతు కాస్త వణికింది. ఇంకో మాట అనకుండా కాగితం టేబుల్ మీద పెట్టింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. "పోనీ మీకెంత వీలైతే..." అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇంట్లో ఏమైనా ఇబ్బందా అమ్మా? అడ్వాన్సు కావాలంటే తీసుకో."

ఆయన మనసులో దయే ఉంది. అందుకే జవాబు చెప్పడం మరీ కష్టమైంది. "ఇబ్బందేం లేదండీ. పనిని బట్టి అడుగుతున్నాను."

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివారు. చెన్నై, కోయంబత్తూరు సప్లయర్లు పోయిన ఏడాది జీఎస్టీ పోర్టల్లో ఎక్కించని బిల్లులు, వాటి నంబర్లు. ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎక్కించాక వచ్చిన పన్ను క్రెడిట్ 1,86,400. నవంబర్ 30 దాటితే అది పోయేదే.

"కానీ గ్యాప్ ఉంది కదమ్మా."

"ఉందండీ. అది జనవరిలోనే లెక్కేశారు. అప్పటినుంచి ఒక్క రిటర్నుకీ లేట్ ఫీజు పడలేదు. కిరణ్‌కి పని నేర్పేదీ నేనే."

కిరణ్ పేరు వినగానే ఆయన కాగితం మీంచి తలెత్తారు. షీటు ఎవరు చేస్తారో ఆయనకూ గుర్తొచ్చినట్టుంది.

"21,000 ఇస్తాను. అది దాటితే నీకు ఈఎస్ఐ పోతుంది. నీకే నష్టం."

"మధ్యలో పెరిగితే సెప్టెంబర్ ఆఖరు దాకా ఉంటుందండీ. ఆ తర్వాత మా ఆయన ఆఫీసు ఇన్సూరెన్సులో చేరతాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇరవై నాలుగు. ఇంక పెంచలేనమ్మా."

మాధవి మనసులో లెక్క వేసుకుంది. "ఈ నెల నుంచే అయితే సరేనండీ. మిగతా రెండు వేల సంగతి ఏప్రిల్‌లో మాట్లాడుకుందాం. అది కూడా లెటర్లో ఉండాలి."

"లెటరెందుకు? నా మాట చాలదా?"

"చాలండీ. కానీ ఏప్రిల్‌కి ఇద్దరికీ గుర్తుండాలి కదా. ఇప్పుడే టైప్ చేసి తెస్తాను."

బయటికి వచ్చి సిస్టమ్ ముందు కూర్చుంది. తేదీ, జీతం, ఏప్రిల్ మాట, మొత్తం అయిదు లైన్లు. లెటర్‌హెడ్ మీద రెండు కాపీలు తీసి, పెన్నుతో సహా లోపలికి తీసుకెళ్లింది.