ఆ ఫొటో పజిల్ తప్పు కాదు, c8 దగ్గర ఒక్క క్షణం ఆగండి

మీరు పంపిన చెస్ పజిల్ ఫొటో, దాని కింద రాసిన నొటేషన్ రెండూ చూశాను. ఫొటో పక్కనుంచి తీయడం వల్ల గళ్ళు వంకరగా కనిపిస్తున్నాయి, అంచుల మీద అక్షరాలు, అంకెలు కూడా లేవు. అందుకే పరిష్కారంలోకి వెళ్ళే ముందు బోర్డు ఏ వైపు నుంచి చూడాలో తేల్చుకోవాల్సి వచ్చింది. మీ నొటేషన్ ప్రకారం తెల్ల రాజు b6, తెల్ల బంటు c6, నల్ల రాజు a1, నల్ల ఏనుగు d5, ఎత్తు తెల్లవాళ్ళది, గెలవాలి.

```
8/8/1KP5/3r4/8/8/8/k7 w - - 0 1
```

నల్ల రాజు మూలలో నల్లగడి మీద ఉంది కాబట్టి a1 కరెక్టే అని అక్కడితో వదిలేయకండి. h8 కూడా నల్లగడే. బోర్డును తలకిందులుగా చదివితే ఇదే ఫొటో రాజు g3, బంటు f3, నల్ల రాజు h8, ఏనుగు e4 అవుతుంది. అప్పుడు తెల్లవాళ్ళు fxe4 అని ఏనుగును ఉచితంగా తినేస్తారు, పజిలే ఉండదు. గడి రంగు చెప్పలేనిది ఇక్కడ బంటు చెప్పింది. అంటే మీరు రాసుకున్నది సరిగ్గానే ఉంది.

మీ అసలు ఫిర్యాదు "చివర్లో స్టేల్‌మేట్ వస్తోంది, పజిల్ తప్పు" అని. స్టేల్‌మేట్ వరకు మీరు చూశారంటే తొంభై శాతం పని అయిపోయినట్టే. 1895లో దీన్ని పత్రికలో వేసిన మనిషి కూడా సరిగ్గా అక్కడే ఆగిపోయాడు, ఆ కథ కింద చెప్తాను. ముందు మెయిన్ లైన్:

```
1.c7 Rd6+ 2.Kb5 Rd5+ 3.Kb4 Rd4+ 4.Kb3 Rd3+
5.Kc2 Rd4 6.c8=R Ra4 7.Kb3
```

మొదటి ఎత్తులో పెద్ద ఆలోచన లేదు, బంటు నడవాలి. ఆలస్యం చేస్తే ఏనుగు తీరిగ్గా దాని వెనక్కి చేరుతుంది. 1.c7 తర్వాత c8 ఆపడానికి నల్లవాళ్ళకి నేరుగా దారి లేదు. Rd8 అంటే బంటు తింటుంది, Rc5 అంటే రాజు తింటాడు. అందుకే 1...Rd6+, బంటు కదిలాక ఆరో అడ్డవరుస ఖాళీ అయింది కాబట్టి చెక్.

ఆట అంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది: రాజు ఎటు వెళ్ళాలి? చాలామంది ఇక్కడ "చెక్ నుంచి తప్పించుకోవాలి" అని చూస్తారు. నేను మొదటిసారి ఆడినప్పుడు అదే చేసి, b7కి వెళ్ళి బంటును కాపాడుకుంటున్నా అనుకున్నాను. 2.Kb7 అంటే Rd7 పడుతుంది, ఏడో వరుసలో ఏనుగు, బంటు, రాజు ఒకే గీత మీద, బంటు కదలడానికి లేదు, తర్వాతి ఎత్తులో ఏనుగు బంటును తినేస్తుంది, మీ రాజు ఆ ఏనుగును తిన్నా మిగిలేది రెండు రాజులే, డ్రా. Ka7 అన్నా ఇదే పిన్.

2.Kc5 ఇంకా ఊరించే ఎత్తు, ఏనుగు మీదకే వెళ్తున్నట్టు ఉంటుంది. దానికి జవాబు 2...Rd1, చెక్ లేదు, ఏమీ లేదు, నిశ్శబ్దంగా కిందికి దిగిపోతుంది. మీరు c8=Q అంటారు, వాళ్ళు Rc1+ అంటారు, మీ రాజు పక్కకి తప్పుకోగానే వెనకున్న క్వీన్ పోతుంది. ఈ d1 గడిని గుర్తుపెట్టుకోండి. నల్లవాళ్ళ డ్రా ఆశలన్నీ ఆ గడిలోనే ఉన్నాయి.

a వరుస మీదికి వెళ్తే? 2.Ka5 Rc6, ఏనుగు బంటు వెనక కూర్చుంది, a5లో ఉన్న రాజుకి c6 అందదు, బంటు పోయినట్టే. అదే రాజు b5లో ఉంటే c6 మీద పట్టు ఉంటుంది, ఏనుగు అక్కడికి రాలేదు. అంటే c వరుసలో నిలబడితే d1 నుంచి వచ్చే దెబ్బ, a వరుసలో నిలబడితే ఏనుగు బంటు వెనక్కి వచ్చే దెబ్బ, మిగిలింది b వరుస ఒక్కటే. రాజు మెట్లు దిగినట్టు b5, b4, b3 అని దిగాలి.

2.Kb5 Rd5+ 3.Kb4 Rd4+ 4.Kb3 Rd3+. ప్రతి మెట్టు దగ్గరా అవే ఉచ్చులు ఉంటాయి కాబట్టి ఒక్కోటి విడిగా రాయను, 3.Kc4 అంటే మళ్ళీ Rd1, 3.Ka4 అంటే Rc5, అంతే. మధ్యలో నల్లవాళ్ళు చెక్‌లు ఆపేసి, ఉదాహరణకి 3...Rd1 అన్నా లాభం లేదు, 4.c8=Q తర్వాత రాజు b4లో ఉన్నాడు, c వరుసలో లేడు, Rc1 అంటే క్వీన్ ఆ ఏనుగునే తినేస్తుంది. క్వీన్‌కి ఒంటరి ఏనుగు మీద గెలుపు ఉంది, కాస్త చెమట పడుతుంది గానీ గెలుపే.

ఒక చిన్న పక్కమాట. నాలుగో ఎత్తులో 4.Kc3 కూడా పనిచేస్తుంది, c వరుస అని భయపడక్కర్లేదు, ఎందుకంటే 4...Rd1 అంటే 5.Kc2 అని ఏనుగును తరమొచ్చు, అది d4కి రావాల్సిందే, మళ్ళీ అదే స్థానం. కాబట్టి మీ స్నేహితుడు Kc3 ఆడి "నాది కూడా రైటే" అంటే వాదించకండి, అతను చెప్పింది నిజం.

ఇప్పుడు 5.Kc2. నాకు ఈ పజిల్‌లో బాగా నచ్చేది ఈ ఎత్తే, చివరి మెరుపు కన్నా ఇదే. ఇప్పటిదాకా రాజు పారిపోతున్నాడు అనిపించింది కదా, అసలు అతను d1 కాపలాకి వస్తున్నాడు. c2లో నిలబడ్డాక d1, d2, d3, c3 అన్నీ అతని చేతిలో ఉన్నాయి. d3లో ఉన్న ఏనుగు మీద కూడా దాడి చేస్తున్నాడు. ఏనుగు d1కి వెళ్తే రాజు తింటాడు, కాబట్టి c1 నుంచి చెక్ అనే పాత ఆట ముగిసింది.

నల్లవాళ్ళకి ఒక్క మోసం మిగిలింది, 5...Rd4. చూడ్డానికి చేతకాని ఎత్తులా ఉంటుంది, చెక్ కాదు, బంటును ఆపదు. మీరు సంతోషంగా 6.c8=Q అంటారు. అప్పుడు 6...Rc4+. రాజు తప్పుకుంటే క్వీన్ పోతుంది కాబట్టి 7.Qxc4 తప్ప ఇంకేమీ లేదు, తిన్నాక నల్ల రాజును చూడండి: b1, b2 మీ రాజు చేతిలో, a2 మీద c4 నుంచి b3 గుండా ఏటవాలుగా క్వీన్ చూపు. చెక్ లేదు, ఎత్తూ లేదు. స్టేల్‌మేట్. మీరు దొరికిపోయింది ఇక్కడే.

తప్పు మొత్తం ఆ ఏటవాలు చూపుది. అది లేని కాయ కావాలి. 6.c8=R. ఏనుగు చేసుకోండి.

ఇప్పుడు అదే మోసం మళ్ళీ వేస్తే, 6...Rc4+ 7.Rxc4 Ka2, రాజుకి a2 దొరికింది కాబట్టి స్టేల్‌మేట్ లేదు, పైగా 8.Ra4 చెక్‌మేట్, a వరుస మొత్తం ఏనుగుది, b1, b2, b3 మీ రాజువి.

మోసం తప్పించుకోవడమే కాదు, కొత్త ఏనుగు బెదిరింపు కూడా తెచ్చింది: Ra8+. మీ రాజు c2లో ఉండటం వల్ల b1, b2 మూసుకుపోయాయి, a వరుసలో చెక్ పడితే నల్ల రాజు చచ్చినట్టే. ఏనుగు అడ్డం పెట్టి ఒక ఎత్తు వాయిదా వేయొచ్చు, అడ్డం పెట్టిన ఏనుగును తింటే మేట్. అందుకే నల్లవాళ్ళు ముందే 6...Ra4 అని a వరుసను మూస్తారు. ఏనుగుకి ఏనుగు, కాగితం మీద సమానం, చాలామంది ఇక్కడ "ఇది డ్రా కదా" అని బోర్డు మూసేస్తారు.

7.Kb3. ఒకే ఎత్తులో రెండు పనులు. a4లో ఉన్న ఏనుగు మీద దాడి, ఇటు Rc1 మేట్ బెదిరింపు, ఎందుకంటే ఇప్పుడు a2, b2 రాజు చేతిలోకి వచ్చాయి, మొదటి వరుసలో చెక్ పడితే b1 కూడా పోతుంది. ఏనుగు Ra8 అని పారిపోతే Rc1 మేట్. Kb1 అని రాజు తప్పుకుంటే Kxa4, ఆ తర్వాత ఒంటరి రాజు మీద రాజు, ఏనుగుతో గెలవడం మొదట్లోనే నేర్చుకునే పాఠం. 7...Rb4+ లేదా 7...Ra3+ అని ఆఖరి చెక్ ఇస్తే హాయిగా తినేయండి, స్టేల్‌మేట్ రాదు, రెండు చోట్లా నల్ల రాజుకి కదలడానికి గడి ఉంటుంది.

ఇక పత్రిక కథ. 1875లో లండన్‌లో ఫెంటన్, పాటర్ అనే ఇద్దరి మధ్య జరిగిన గేమ్ చివర్లో ఇలాంటి స్థానం వచ్చింది, గేమ్ డ్రా అయింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1895 మే నెలలో, గ్లాస్గోలో ఒక వారపత్రికకి చెస్ శీర్షిక రాసే బార్బియే దాన్ని గుర్తుచేసుకుని, కాస్త మార్చి, బంటు అప్పటికే c7లో ఉన్నట్టు, నల్లవాళ్ళ ఎత్తు, వాళ్ళు డ్రా చేయాలి అని వేశాడు. జవాబు మీకు తెలిసిందే, Rd4, Rc4+, స్టేల్‌మేట్. కొద్ది రోజులకే అప్పట్లో గ్లాస్గోలో ఉంటున్న ఫెర్నాండో సావేద్ర అనే స్పెయిన్ మతగురువు, క్వీన్ బదులు ఏనుగు చేస్తే తెల్లవాళ్ళే గెలుస్తారని చూపించాడు. ఆయన చెస్‌లో పెద్ద పేరున్న ఆటగాడేమీ కాదు. ఇవాళ ఈ స్థానాన్ని ప్రపంచమంతా సావేద్ర పొజిషన్ అనే పిలుస్తారు, పత్రికలో వేసినాయన పేరుతో కాదు.

ఇంకొకటి. మీరు దీన్ని ఫోన్‌లో పెట్టి ఆడి చూస్తానన్నారు. చాలా యాప్‌లలో బంటు చివరి గడికి వెళ్ళగానే దానంతట అదే క్వీన్ అయిపోయే సెట్టింగ్ ఉంటుంది, ముందు అది ఆపేయండి, లేకపోతే ఆరో ఎత్తులో మళ్ళీ డ్రా అయి మళ్ళీ నాకే మెసేజ్ పెడతారు.